విద్యుత్ క్షేత్రమా, పొటెన్షియలా? నీ సందేహాలకు ఒక ఉత్తరం, ప్రశ్నలూ జవాబులుగా

నీ నోట్స్ మొత్తం చదివాను. సూత్రాల్లో ఎక్కడా తప్పు లేదు. E = kq/r² అనీ, V = kq/r అనీ సరిగ్గానే రాశావు. కానీ లెక్కల్లో మాత్రం "ఇక్కడ V సున్నా, కాబట్టి E సున్నా" అన్న వాక్యం కనిపిస్తోంది. కొన్నిచోట్ల అదే తిరగబడి "E సున్నా, కాబట్టి V సున్నా" అని ఉంది. నీ మార్కులు పోతున్నది అక్కడే. ఈ చాప్టర్‌కు వచ్చేసరికి దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే సందేహాలు వస్తాయి. అందుకే నువ్వు అడిగినవీ, నీలాంటి వాళ్ళు అడిగినవీ కలిపి రాస్తున్నాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. వరుసగా చదవాల్సిన పని లేదు.

లెక్కలన్నింటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాను. ఒక సరళరేఖ మీద x = 0 దగ్గర +4 నానోకూలుంబ్, x = 30 సెం.మీ. దగ్గర −1 నానోకూలుంబ్ ఉన్నాయి. k విలువ 9 × 10⁹ అనుకుందాం.

## మొదట్లోనే తికమక పెట్టేవి

సార్, రెండూ ఆవేశం చుట్టూ ఉండేవే కదా. మరి రెండు పేర్లు, రెండు సూత్రాలు ఎందుకు?

అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు కాబట్టి. ఒక బిందువు దగ్గర చిన్న ధనావేశం ఉంచితే దాని మీద ఎంత బలం, ఏ దిక్కుగా పనిచేస్తుంది? ఆ బలాన్ని ఆవేశంతో భాగిస్తే వచ్చేది విద్యుత్ క్షేత్రం. అదే ఆవేశాన్ని ఎక్కడో చాలా దూరం నుంచి వేగం పెరగకుండా నెమ్మదిగా ఆ బిందువు దాకా తీసుకురావడానికి మనం ఎంత పని చేయాలి? ఆ పనిని ఆవేశంతో భాగిస్తే వచ్చేది పొటెన్షియల్.

మొదటిది ఆ బిందువు దగ్గర ఇప్పుడు ఏం జరుగుతుందో చెబుతుంది. రెండోది అక్కడికి వచ్చేదాకా దారిలో జరిగినదంతా కూడితే ఎంతైందో చెబుతుంది. ఒకటి బలం గురించి, ఒకటి శక్తి గురించి. బలానికి దిశ ఉంటుంది కాబట్టి క్షేత్రం సదిశ. పనికి దిశ ఉండదు కాబట్టి పొటెన్షియల్ అదిశ.

E అంటే V వాలు అని క్లాసులో చెప్పారు. అసలు దాని అర్థం ఏంటి?

ఒక కొండను ఊహించుకో. ప్రతి చోటికీ ఒక ఎత్తు ఉంటుంది, ఒక వాలు కూడా ఉంటుంది. ఎత్తు ఒక సంఖ్య. వాలు మాత్రం ఎంత నిటారుగా ఉందో, ఏ వైపుకు దిగుతోందో రెండూ చెబుతుంది. V ఆ ఎత్తులాంటిది, E ఆ వాలులాంటిది. కొండ నెత్తిన చదునైన మైదానం ఉంటే అక్కడ ఎత్తు ఎక్కువ, వాలు సున్నా. సముద్రమట్టం దగ్గర నిటారుగా లేచిన చరియ ఉంటే అక్కడ ఎత్తు సున్నా, వాలు చాలా ఎక్కువ.

ఎత్తు తెలిసినంత మాత్రాన వాలు తెలియదు. వాలు తెలియాలంటే ఒక అడుగు పక్కకు వేసి ఎత్తు ఎంత మారిందో చూడాలి. లెక్కలో రాస్తే ఒక రేఖ వెంట E = −ΔV/Δx, అడుగు ఎంత చిన్నదైతే అంత కచ్చితం. కాబట్టి ఒక్క బిందువు దగ్గర V విలువ మాత్రమే ఇచ్చి "అక్కడ E ఎంత?" అని అడిగితే జవాబు చెప్పలేం. చుట్టుపక్కల V ఎలా మారుతోందో కూడా తెలియాలి. నీ సందేహాల్లో చాలావాటికి మూలం ఇదే: ఒక చోట V విలువకూ, అదే చోట E విలువకూ నేరుగా సంబంధం లేదు.

ఆ సూత్రంలో మైనస్ గుర్తు ఎందుకు?

క్షేత్రం ఎప్పుడూ V తగ్గే వైపు చూపిస్తుంది కాబట్టి. ధనావేశం నుంచి దూరం జరుగుతూ పోతే V తగ్గుతుంది, అంటే ΔV/Δx రుణాత్మకం. కానీ క్షేత్రం ఆవేశం నుంచి బయటికే, అంటే ధనదిశలోనే ఉంది. మైనస్ పెడితేనే ఈ రెండూ సరిపోతాయి.

క్షేత్రానికి ఒకచోట న్యూటన్/కూలుంబ్, ఇంకోచోట వోల్ట్/మీటర్ అని రాశారు. ఏది కరెక్ట్?

రెండూ కరెక్టే, రెండూ ఒకటే. వోల్ట్ అంటే జౌల్/కూలుంబ్. జౌల్ అంటే న్యూటన్-మీటర్. దాన్ని మీటర్‌తో భాగిస్తే మిగిలేది న్యూటన్/కూలుంబ్. బలం గురించి ఆలోచిస్తున్నప్పుడు మొదటిది, వాలు గురించి ఆలోచిస్తున్నప్పుడు రెండోది వాడుకో.

V అదిశ అన్నారు కదా, మరి దానికి మైనస్ ఎలా వస్తుంది?

మైనస్ వచ్చినంత మాత్రాన దిశ ఉన్నట్టు కాదు. ఉష్ణోగ్రత −5 డిగ్రీలు అయితే అది ఏ వైపుకూ చూపించదు. అలాగే V = −30 వోల్టులు అంటే, ధనావేశాన్ని దూరం నుంచి అక్కడికి తేవడానికి మనం పని చేయక్కర్లేదు, అదే లోపలికి లాగబడుతుంది, మనం వెనక్కి పట్టి ఆపుతూ తేవాలి అని అర్థం. అంతే.

## లెక్క చేస్తున్నప్పుడు వచ్చేవి

V సున్నా అయ్యే బిందువు ఎలా కనుక్కోవాలి? అక్కడ E కూడా సున్నా అయిపోతుందా?

x = 0 దగ్గర +4 నానోకూలుంబ్, x = 30 సెం.మీ. దగ్గర −1 నానోకూలుంబ్ ఉన్నాయనుకో. V సున్నా కావాలంటే రెండింటి పొటెన్షియల్ విలువలు సమానమై గుర్తులు వేరుగా ఉండాలి. అంటే 4/r₁ = 1/r₂ కావాలి. r₁ అనేది r₂కు నాలుగు రెట్లు ఉండాలి.

ఆవేశాల మధ్య చూస్తే r₁ + r₂ = 30 సెం.మీ. కాబట్టి r₂ = 6, r₁ = 24. అంటే x = 24 సెం.మీ. ఒక బిందువు. రుణావేశానికి కుడివైపు చూస్తే r₁ = r₂ + 30. దీని నుంచి r₂ = 10, అంటే x = 40 సెం.మీ. రెండో బిందువు. చాలామంది మొదటిది దొరకగానే ఆపేస్తారు. రేఖ మీద ప్రతి భాగాన్నీ విడిగా చూడాలి. ఎడమవైపు మాత్రం దొరకదు, ఎందుకంటే అక్కడ పెద్ద ఆవేశమే దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు అదే బిందువుల దగ్గర E లెక్కపెడదాం. x = 24 దగ్గర ధనావేశం ఇచ్చే క్షేత్రం 36/(0.24)² = 625 వోల్ట్/మీటర్, కుడివైపుకు. రుణావేశం ఇచ్చేది 9/(0.06)² = 2500, అది కూడా కుడివైపుకే, ఎందుకంటే రుణావేశం తన వైపు లాగుతుంది. మొత్తం 3125 వోల్ట్/మీటర్. సున్నాకు దరిదాపుల్లో కూడా లేదు. x = 40 దగ్గర ధనావేశం 36/(0.40)² = 225 కుడివైపుకు, రుణావేశం 9/(0.10)² = 900 ఎడమవైపుకు. మొత్తం 675, ఎడమవైపుకు.

రెండు బిందువుల్లోనూ V సున్నా. ఒకచోట క్షేత్రం 3125, ఇంకోచోట 675, పైగా దిశలు కూడా వేరు. V సున్నా అన్న మాట E గురించి ఏమీ చెప్పదని ఈ ఒక్క లెక్కే చూపిస్తుంది.

E సున్నా అయ్యే బిందువు కోసం ఆవేశాల మధ్య వెతికాను, దొరకలేదు. ఎందుకు?

x = 0 దగ్గర +4, x = 30 దగ్గర −1 నానోకూలుంబ్ ఉన్నప్పుడు, మధ్యలో ఎక్కడ నిలబడినా ధనావేశం కుడివైపుకు తోస్తుంది, రుణావేశం కుడివైపుకే లాగుతుంది. రెండు బాణాలూ ఒకే వైపు ఉంటే కొట్టుకుపోవడం సాధ్యం కాదు. సూత్రం రాసే ముందే ఈ బొమ్మ వేసుకుని ఉంటే అక్కడ వెతికేవాడివి కాదు.

బాణాలు ఎదురెదురుగా ఉండేది ఆవేశాలకు బయట. ఎడమవైపు బయట పెద్ద ఆవేశమే దగ్గర, కాబట్టి దాన్ని చిన్నది ఎప్పటికీ అందుకోలేదు. మిగిలింది కుడివైపు. అక్కడ 4/r₁² = 1/r₂² కావాలి. వర్గమూలం తీస్తే r₁ = 2r₂. r₁ = r₂ + 30 కాబట్టి r₂ = 30, అంటే x = 60 సెం.మీ. సరిచూసుకుందాం: 36/(0.60)² = 100 కుడివైపుకు, 9/(0.30)² = 100 ఎడమవైపుకు. మొత్తం సున్నా.

వర్గమూలం తీసేటప్పుడు r₁ = 2r₂ అన్న షరతుకు మధ్యలో కూడా ఒక జవాబు వస్తుంది, x = 20 సెం.మీ. నీ నోట్స్‌లో ఉన్నది అదే. అక్కడ రెండు క్షేత్రాల పరిమాణాలు సమానమే, కానీ దిశలు ఒకటే. కాబట్టి అవి కలిసి రెట్టింపు అవుతాయి, సున్నా కావు.

లెక్కలో ఆవేశం గుర్తు పెట్టాలా, వదిలేయాలా? ఒకసారి పెట్టమంటారు, ఒకసారి వద్దంటారు.

V లెక్కలో తప్పకుండా పెట్టు. అక్కడ దిశ లేదు కాబట్టి గుర్తే సమాచారమంతా మోస్తుంది. −1 నానోకూలుంబ్ నుంచి 10 సెం.మీ. దూరంలో V = −90 వోల్టులు. గుర్తు వదిలేస్తే జవాబు మొత్తం పాడవుతుంది.

E లెక్కలో మాత్రం ముందు పరిమాణం మాత్రమే లెక్కపెట్టి, దిశను బొమ్మ చూసి నిర్ణయించు. ధనావేశం నుంచి దూరంగా, రుణావేశం వైపుకు. తర్వాత కుడివైపును ప్లస్, ఎడమవైపును మైనస్ అని అనుకుని కలుపు. సూత్రంలోనే ఆవేశం గుర్తు పెట్టి, మళ్ళీ బొమ్మ చూసి ఇంకో గుర్తు పెడితే రెండు మైనస్‌లు కలిసి ప్లస్ అయిపోతాయి. నీ సమాధానాల్లో దిశలు తారుమారైన చోట్లన్నీ అలాంటివే.

E సున్నా వచ్చిన చోట V లెక్కపెడితే 30 వోల్టులు వచ్చింది. తప్పు చేశానా?

లేదు, సరిగ్గానే చేశావు. +4 నానోకూలుంబ్ x = 0 దగ్గర, −1 నానోకూలుంబ్ x = 30 దగ్గర ఉంటే, x = 60 సెం.మీ. దగ్గర V = 36/0.60 − 9/0.30 = 60 − 30 = 30 వోల్టులు.

ఎందుకో అర్థం కావాలంటే కుడివైపు భాగంలో V గ్రాఫ్ గీసి చూడు. రుణావేశానికి బాగా దగ్గరగా V పెద్ద రుణసంఖ్య. x = 40 దగ్గర సున్నా దాటుతుంది. x = 45 దగ్గర 20 వోల్టులు, x = 50 దగ్గర 27, x = 60 దగ్గర 30. తర్వాత దిగడం మొదలవుతుంది. x = 90 దగ్గర 25, x = 120 దగ్గర 20. అలా చాలా దూరంలో మళ్ళీ సున్నాకు చేరుతుంది. అంటే x = 60 దగ్గర ఈ గ్రాఫ్‌కు శిఖరం ఉంది. శిఖరం మీద వాలు సున్నా, ఎత్తు సున్నా కాదు. E సున్నా అయింది వాలు లేనందుకు.

శిఖరానికి ఎడమన V కుడివైపుకు పెరుగుతోంది, కాబట్టి క్షేత్రం ఎడమవైపుకు ఉంటుంది. కుడిన V తగ్గుతోంది, కాబట్టి క్షేత్రం కుడివైపుకు. దగ్గరలో ఉన్న రుణావేశం గెలిచే ప్రాంతం, దూరం నుంచి మొత్తంగా +3 నానోకూలుంబ్‌లా కనిపించే ప్రాంతం, ఈ రెండింటికీ సరిహద్దు ఆ బిందువే. ఈ గ్రాఫ్‌ను ఒక్కసారి నీ చేత్తో గీయి. పది సూత్రాలు బట్టీ పట్టినా రాని స్పష్టత దాంతో వస్తుంది.

జవాబు సరిగ్గా వచ్చిందో లేదో పరీక్షలోనే ఎలా చూసుకోవాలి?

E, V రెండూ లెక్కపెట్టి ఉంటే ఒకదానితో ఒకటి తనిఖీ చేసుకోవచ్చు. బిందువును 1 మి.మీ. పక్కకు జరిపి V మళ్ళీ లెక్కపెట్టు. x = 0 దగ్గర +4, x = 30 దగ్గర −1 నానోకూలుంబ్ ఉన్న ఉదాహరణలో x = 40 సెం.మీ. దగ్గర V సున్నా. x = 40.1 దగ్గర V = 36/0.401 − 9/0.101, అంటే 89.78 − 89.11, దాదాపు 0.67 వోల్టులు. ఒక మి.మీ.కు 0.67 వోల్టులు పెరిగింది, అంటే మీటర్‌కు సుమారు 670. కుడివైపుకు పెరుగుతోంది కాబట్టి క్షేత్రం ఎడమవైపుకు. సూత్రంతో వచ్చినది 675, ఎడమవైపుకు. సరిపోయింది. అడుగు ఇంకా చిన్నది వేస్తే ఇంకా దగ్గరకు వస్తుంది.

ఈ తనిఖీకి కొంచెం జాగ్రత్త కావాలి. రెండు పెద్ద సంఖ్యల తేడా తీస్తున్నాం కాబట్టి దశాంశ స్థానాలు ముందే కుదించేస్తే తేడా మొత్తం తప్పుతుంది.

## పని, శక్తి దగ్గర వచ్చేవి

బలమే సున్నా ఉన్న చోటికి ఆవేశాన్ని తేవడానికి పని ఎందుకు చేయాలి?

పని అనేది చివరి బిందువు దగ్గరి బలంతో లెక్కపెట్టేది కాదు, దారి పొడుగునా ఉన్న బలంతో లెక్కపెట్టేది. +4 నానోకూలుంబ్ x = 0 దగ్గర, −1 నానోకూలుంబ్ x = 30 దగ్గర ఉన్నప్పుడు x = 60 సెం.మీ. దగ్గర E సున్నా, V 30 వోల్టులు. అక్కడికి +2 నానోకూలుంబ్ ఆవేశాన్ని కుడివైపు చాలా దూరం నుంచి తెస్తున్నావనుకో. దారి మొత్తం క్షేత్రం కుడివైపుకే ఉంది, నువ్వు దానికి ఎదురుగా ఎడమవైపుకు తోస్తున్నావు. చివరి బిందువు దగ్గర మాత్రమే బలం సున్నాకు దిగింది. అప్పటికే నువ్వు చేసిన పని qV = 2 × 30 = 60 నానోజౌళ్ళు.

పైనుంచో పక్కనుంచో తెచ్చినా అదే 60. స్థిర ఆవేశాల క్షేత్రంలో చేసే పని దారి మీద ఆధారపడదు. అలా ఉండబట్టే ప్రతి బిందువుకూ ఒక V విలువ ఇవ్వడం కుదిరింది.

ఆవేశాలు ఎక్కువ V నుంచి తక్కువ V వైపు కదులుతాయి అంటారు. ఎలక్ట్రాన్ కూడా అంతేనా?

కాదు. ధనావేశాన్ని కదలకుండా పట్టుకుని వదిలితేనే తక్కువ V వైపు బయలుదేరుతుంది. ఎలక్ట్రాన్ ఎక్కువ V వైపు బయలుదేరుతుంది. రెండింటికీ కలిపి చెప్పాలంటే, వదిలిన ఆవేశం తన స్థితిజ శక్తి U = qV తగ్గే వైపు బయలుదేరుతుంది. q రుణాత్మకమైతే V పెరిగినప్పుడే U తగ్గుతుంది.

x = 0 దగ్గర +4, x = 30 దగ్గర −1 నానోకూలుంబ్‌లను కదలకుండా బిగించి, x = 40 సెం.మీ. దగ్గర ఒక ఎలక్ట్రాన్‌ను వదిలామనుకో. అక్కడ V సున్నా, U సున్నా. అయినా క్షేత్రం 675 వోల్ట్/మీటర్ ఎడమవైపుకు ఉంది కాబట్టి ఎలక్ట్రాన్ మీద బలం కుడివైపుకు. అది వేగం పుంజుకుంటూ x = 60 చేరేసరికి 30 వోల్టులు ఎక్కింది, అంటే 30 ఎలక్ట్రాన్‌వోల్టుల గతిజ శక్తి వచ్చింది. ఆ శక్తికి వేగం దాదాపు 3.2 × 10⁶ మీటర్/సెకను. x = 60 దగ్గర బలం సున్నా, కానీ ఎలక్ట్రాన్ ఆగదు. బలం లేకపోతే వేగం మారదంతే. ఆ బిందువు దాటాక బలం వెనక్కి లాగుతుంది, కాబట్టి ఎలక్ట్రాన్ వేగం తగ్గుతూ దూరంగా వెళ్ళిపోతుంది.

బలం ఎక్కడ సున్నానో అక్కడే వేగం గరిష్ఠం. "E సున్నా కాబట్టి కణం ఆగిపోతుంది" అని రాయాలనిపించినప్పుడు ఈ ఎలక్ట్రాన్‌ను గుర్తు తెచ్చుకో.

E సున్నా ఉన్న చోట ధనావేశాన్ని కదలకుండా ఉంచితే అక్కడే ఉండిపోతుందా?

ఏమాత్రం కదిలించకపోతే ఉంటుంది. కొంచెం కదిపితే ఏమవుతుందన్నది ఏ వైపుకు కదిపావన్న దాని మీద ఆధారపడుతుంది. x = 0 దగ్గర +4, x = 30 దగ్గర −1 నానోకూలుంబ్ ఉంటే, x = 60 సెం.మీ. దగ్గర రేఖ వెంట V గరిష్ఠం. ధనావేశాన్ని రేఖ వెంట కదిపితే తిరిగి రాదు. కానీ రేఖకు లంబంగా 10 సెం.మీ. జరిపి చూస్తే V 30 నుంచి దాదాపు 30.7 వోల్టులకు పెరుగుతుంది. అంటే ఆ దిశలో అది కనిష్ఠం, పక్కకు కదిపితే వెనక్కి వస్తుంది.

ఒక దిశలో నిలకడ, ఇంకో దిశలో అస్థిరత. ఇది ఈ ఉదాహరణకే పరిమితం కాదు. స్థిర ఆవేశాల క్షేత్రం ఒక్కటే ఉంటే, ఖాళీ ప్రదేశంలో అన్ని దిశల్లోనూ నిలకడగా ఒక ఆవేశాన్ని నిలపడం అసాధ్యమని శామ్యూల్ ఎర్న్‌షా 1842లో నిరూపించాడు. సిలబస్‌లో సాధారణంగా ఉండదు కానీ నాకు చాలా ఇష్టమైన ఫలితం.

## వాహకాలు, పలకలు, సున్నా స్థాయి

V సున్నా ఎక్కడో మనమే పెట్టుకుంటాం అంటారు. మరి లెక్కలకు అర్థం ఏముంది?

అర్థం ఉంది, ఎందుకంటే కొలవగలిగేదల్లా V తేడానే. అనంత దూరంలో V సున్నా అనుకోవడం ఒక సౌకర్యం. దానికి బదులు ప్రతిచోటా 100 వోల్టులు కలిపేసినా ఏ రెండు బిందువుల మధ్య తేడా మారదు, వాలు మారదు, కాబట్టి E మారదు, ఏ ఆవేశం కదలికా మారదు.

కానీ V సున్నా అయ్యే బిందువులు మాత్రం మారిపోతాయి. +4, −1 నానోకూలుంబ్‌ల ఉదాహరణలో x = 24, x = 40 సెం.మీ. దగ్గర V సున్నా వచ్చింది మనం ఎంచుకున్న స్థాయి వల్ల. 100 వోల్టులు కలిపితే ఆ రెండు చోట్లా V 100 అవుతుంది. x = 60 దగ్గర E సున్నా కావడం మాత్రం ఎవరు ఏ స్థాయి ఎంచుకున్నా మారదు. మన ఎంపికను బట్టి మారే ఒక సంఖ్య నుంచి అక్కడి బలాన్ని ఊహించడం ఎందుకు కుదరదో దీంతో తెలుస్తుంది.

లోహపు గోళం లోపల E సున్నా. అయితే V కూడా సున్నానే కదా?

కాదు. లోపల V మారదు, అంతే. 10 సెం.మీ. వ్యాసార్థం ఉన్న లోహపు గోళానికి 2 నానోకూలుంబ్ ఇచ్చామనుకో. ఉపరితలం దగ్గర V = 18/0.10 = 180 వోల్టులు. బయటి నుంచి ధనావేశాన్ని ఉపరితలం దాకా తేవడానికి కూలుంబ్‌కు 180 జౌళ్ళ పని అయింది. లోపల క్షేత్రం లేదు కాబట్టి అక్కడి నుంచి కేంద్రం దాకా కొత్తగా పనేమీ అవసరం లేదు. అయిన పని అలాగే ఉంటుంది. కాబట్టి కేంద్రం దగ్గర కూడా 180 వోల్టులే.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, లోపలి బిందువుకు కూడా kq/r వేసి కేంద్రం దగ్గర అనంతం అని రాయడం. ఆ సూత్రం గోళం బయట మాత్రమే. ఇంకో సంగతి కూడా గమనించు. ఉపరితలం దాటేటప్పుడు E ఒక్కసారిగా 0 నుంచి 1800 వోల్ట్/మీటర్‌కు దూకుతుంది, V మాత్రం దూకదు. వాలు హఠాత్తుగా మారవచ్చు, ఎత్తు తెగిపోనక్కర్లేదు. ఇదంతా ఆవేశాలు కదలకుండా స్థిరపడ్డాక జరిగే మాట. కరెంటు పారుతున్న తీగ లోపల E సున్నా కాదు.

సమపొటెన్షియల్ తలం మీద V మారదు కదా, అయితే అక్కడ E సున్నా అవ్వాలి కదా?

తలం వెంట ఉన్న E భాగం మాత్రమే సున్నా. తలం దాటి పక్కకు వెళ్తే V మారుతుంది, కాబట్టి తలానికి లంబంగా E ఉంటుంది. అందుకే క్షేత్రరేఖలు సమపొటెన్షియల్ తలాలను ఎప్పుడూ లంబంగా ఖండిస్తాయి. సమాన వోల్టుల తేడాతో గీసిన తలాలు ఎక్కడ దగ్గరదగ్గరగా ఉంటే అక్కడ క్షేత్రం బలంగా ఉన్నట్టు.

వోల్టులు ఎక్కువైతే క్షేత్రం ఎక్కువ ఉన్నట్టేనా?

వోల్టుల తేడా ఎంత దూరంలో పరుచుకుందో తెలియకుండా చెప్పలేం. 9 వోల్టుల బ్యాటరీకి రెండు సమాంతర లోహపు పలకలు కలిపి, మధ్య దూరం 0.09 మి.మీ. ఉంచితే క్షేత్రం 1,00,000 వోల్ట్/మీటర్. అవే పలకలు 9 మి.మీ. దూరంలో ఉంటే 1000. వోల్టులు అవే, క్షేత్రం వంద రెట్లు తేడా. పలకలు వాటి మధ్య దూరంతో పోలిస్తే పెద్దవిగా ఉన్నప్పుడే ఈ V/d లెక్క సరిపోతుంది. అంచుల దగ్గర పనిచేయదు.

మామూలు పీడనంలో పొడిగాలి విద్యుత్‌ను ఆపలేక స్పార్క్ రావడానికి దాదాపు 30 లక్షల వోల్ట్/మీటర్ క్షేత్రం కావాలి. స్పార్క్ వస్తుందా రాదా అన్నది క్షేత్రం తేలుస్తుంది. అందుకే ఒక మి.మీ. సందులో స్పార్క్ రావడానికి వేల వోల్టులు కావాలి, సందు పెరిగితే ఇంకా ఎక్కువ కావాలి.

ప్రశ్న చూడగానే E వాడాలా, V వాడాలా ఎలా తేల్చుకోవాలి?

ఏం అడిగారో చూడు. బలం, త్వరణం, సమతుల్యత, దిశ అడిగితే E. పని, శక్తి, చివరి వేగం అడిగితే V. ఎలక్ట్రాన్ ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు వెళ్తే వేగం ఎంత అని అడిగితే, E దారి పొడుగునా మారుతుంది కాబట్టి v² = u² + 2as వాడకూడదు. qΔV తో రెండు లైన్లలో అయిపోతుంది. క్షేత్రం ఏకరీతిగా ఉన్న పలకల మధ్య మాత్రం రెండు దారులూ పనిచేస్తాయి.

రుణావేశాన్ని ధనావేశంగా మారిస్తే జవాబులన్నీ ఎలా మారతాయి?

x = 0 దగ్గర +4, x = 30 సెం.మీ. దగ్గర +1 నానోకూలుంబ్ అనుకో. ఇప్పుడు మధ్యలో రెండు క్షేత్రాలూ ఎదురెదురుగా ఉంటాయి, కాబట్టి E సున్నా అయ్యే బిందువు మధ్యలోకి వచ్చేస్తుంది. r₁ = 2r₂, r₁ + r₂ = 30, అంటే x = 20 సెం.మీ. సరిచూస్తే 36/(0.20)² = 900, 9/(0.10)² = 900. అక్కడ V = 180 + 90 = 270 వోల్టులు. బయట ఇంకెక్కడా E సున్నా కాదు, ఎందుకంటే రెండూ ఒకే వైపుకు తోస్తాయి.

V సున్నా అయ్యే బిందువు అసలు ఎక్కడా ఉండదు. రెండు ధనసంఖ్యలు కలిపితే సున్నా రాదు, అనంత దూరంలో తప్ప. ఈసారి x = 20 దగ్గర రేఖ వెంట V కనిష్ఠం, శిఖరం కాదు. రెండు ఆవేశాల మధ్య V గ్రాఫ్ గీసి పంపు. రెండు చివరలా పైకి లేచి, 270 దగ్గర అడుగు తాకి ఉండాలి, ఆ అడుగు చిన్న ఆవేశం వైపు జరిగి ఉండాలి.